కాఫీ ప్యాకెట్ వెనక రాసింది తెలుగులో పెట్టడం: ఫొటో నుంచి కప్పు దాకా

విజయవాడ గవర్నర్‌పేటలోనో గుంటూరు బ్రాడీపేటలోనో కాఫీ పొడి కొనేవాళ్లు ఇప్పుడు రెండు రకాలు. కళ్ల ముందే గింజలు పట్టించుకుని, చికోరీ ఎంత కలపాలో చెప్పి పట్టుకెళ్లేవాళ్లు ఒకరు. అరకు గింజలని రాసి ఉన్న పావుకిలో ప్యాకెట్‌ను ముచ్చటపడి కొనేవాళ్లు మరొకరు. ఆ ప్యాకెట్ వెనక కాఫీ ఎలా చేయాలో, రుచి ఎలా ఉంటుందో చిన్న అక్షరాల్లో ఇంగ్లిష్‌లో ఉంటుంది. దాన్ని తెలుగులో పెట్టి చిన్న కాగితం మీద అచ్చువేసి ఇవ్వాలనుకునే కొట్టువాళ్ల కోసం, వాళ్లకు ఆ పని చేసిపెట్టేవాళ్ల కోసం ఈ మార్గదర్శి.

పని మొత్తం ఒకే ప్యాకెట్ మీద చేసి చూద్దాం. ఇలాంటి ప్యాకెట్ల మీద మామూలుగా కనిపించే మాటలతో ఈ నమూనా కట్టాం. ఇంగ్లిష్‌లో ఉన్నదాన్ని తెలుగు అక్షరాల్లో రాస్తే ఇలా ఉంటుంది:

"100 పర్సెంట్ అరాబికా. మీడియం రోస్ట్. ఫ్రెంచ్ ప్రెస్: కోర్స్ గ్రైండ్, లైక్ సీ సాల్ట్. యూజ్ 2 హీపింగ్ టేబుల్‌స్పూన్స్, 12 గ్రామ్స్, పర్ 6 ఫ్లూయిడ్ ఔన్సెస్ వాటర్ ఎట్ 200 డిగ్రీస్ ఫారన్‌హీట్. బ్లూమ్ 30 సెకండ్స్. స్టీప్ 4 మినిట్స్. ప్లంజ్ జెంట్లీ. సర్వ్ ఇమ్మీడియట్లీ. టేస్టింగ్ నోట్స్: ఆరెంజ్ జెస్ట్, డార్క్ చాక్లెట్, జాగరీ. బ్రైట్ అసిడిటీ, మీడియం బాడీ, క్లీన్ ఫినిష్."

నాలుగైదు వరుసలే కదా అనిపిస్తుంది. కానీ మాటకు మాట పెట్టుకుంటూ పోతే దాదాపు ప్రతి వాక్యంలోనూ తప్పు దొర్లుతుంది. ఆ తప్పు కాగితం మీద కనపడదు. కొన్నవాళ్లు కాఫీ కలుపుకుని తాగినప్పుడు బయటపడుతుంది.

ముందు ఫొటో

ప్యాకెట్ ఎదురుగా లేకుండా వాట్సాప్‌లో వచ్చిన ఒక్క ఫొటో చూసి పని మొదలుపెట్టకండి. కాఫీ ప్యాకెట్లు మెరిసే రేకుతో చేస్తారు, వెలుతురు పడ్డచోట అక్షరాలు తెల్లబారిపోతాయి. ఫ్లాష్ వేయకుండా, ఎండ నేరుగా పడని కిటికీ పక్కన, వెలుతురు ఒక పక్క నుంచి వచ్చేలా ప్యాకెట్‌ను పడుకోబెట్టి, ఫోన్‌ను సరిగ్గా దాని పైన పట్టుకుని తీయాలి. ఏటవాలుగా తీస్తే చివరి వరుసలు సన్నబడి 3, 8 ఒకేలా కనపడతాయి. నిండు ప్యాకెట్ ఉబ్బి ఉంటుంది కాబట్టి వెనక భాగాన్ని పైన సగం, కింద సగం అని రెండు ముక్కలుగా తీయండి. పక్కల మడతల్లో కూడా రాత ఉంటుంది, మడత విప్పి అవీ తీయండి. చికోరీ శాతం, కలిపిన పదార్థాల జాబితా చాలాసార్లు అక్కడే దాక్కుని ఉంటాయి.

ఫోన్‌తో ఫొటోలోంచి అక్షరాలు తీసుకుంటే సమయం కలిసొస్తుంది. కానీ అంకెలను ప్యాకెట్‌తో ఒక్కొక్కటిగా సరిచూడాలి. డిగ్రీ గుర్తు సున్నాగా మారి 200 డిగ్రీలు 2000 కావచ్చు. 1½ అన్నది 11/2గా రావచ్చు. 2-3 మధ్య గీత పోయి 23 అవుతుంది. చిన్న స్పూనుకీ పెద్ద స్పూనుకీ ఇంగ్లిష్ పొట్టి రూపాలు ఒక్క అక్షరం తేడాతో ఉంటాయి, కొలతలో తేడా మూడు రెట్లు. మాట తప్పితే చదివేవాళ్లు ఊహించుకుంటారు. అంకె తప్పితే నమ్మేస్తారు.

కొలతలు: ఒక్కసారి లెక్క తేల్చుకోండి

రుచి మాటల జోలికి పోకముందే అంకెలన్నిటినీ గ్రాములు, మిల్లీలీటర్లు, సెల్సియస్‌లోకి తెచ్చేయాలి.

అమెరికా ద్రవ ఔన్సు ఒకటి 29.6 మిల్లీలీటర్లు. ఆరు ఔన్సులంటే 177 చిల్లర. ఇంట్లో ఎవరూ 177 కొలవరు కాబట్టి 180 అని రాస్తాం. ఇలా సర్దితే కాఫీ మారిపోతుందేమోనన్న అనుమానం వస్తే నిష్పత్తి చూసుకోవాలి. 12 గ్రాములకు 177 మిల్లీలీటర్లంటే ఒకటికి 14.8, 180 అంటే సరిగ్గా ఒకటికి 15. నాలుక ఆ తేడా పట్టలేదు. ఈ లెక్కతో ఇంకో లాభం ఉంది. ఫ్రెంచ్ ప్రెస్ అంటే పొడిని వేడినీళ్లలో ఊరనిచ్చి, జల్లెడను కిందికి నొక్కి కాఫీని వేరుచేసే పాత్ర. అందులో చేసే కాఫీకి పొడి ఒక వంతు, నీళ్లు సుమారు 15 నుంచి 17 వంతులు పోయడం మామూలు. మీ లెక్క ఒకటికి 7 అనో ఒకటికి 40 అనో తేలితే ఎక్కడో స్పూనో ఔన్సో తప్పు చదివారన్నమాట. అప్పుడు ఫొటో మళ్లీ తీసి చూడండి.

స్పూన్ల దగ్గర జాగ్రత్త ఎక్కువ కావాలి. ప్యాకెట్ చెప్పే టేబుల్‌స్పూను 15 మిల్లీలీటర్లు పట్టే కొలత స్పూను. మన ఇళ్లలో టేబుల్ స్పూను అనగానే చేతికొచ్చేది అన్నం తినే స్టీలు స్పూను, అందులో అంత పట్టదు. పైగా ప్యాకెట్ అడిగింది పోగు పోసిన స్పూను. మనవాళ్లు అలవాటుగా తలకొట్టి వేస్తే పొడి సగం దాకా తగ్గిపోవచ్చు, కాఫీ నీళ్లలా ఉంటుంది, తప్పు పొడి మీదికి పోతుంది. అందుకే గ్రాములు ముందు, స్పూను తరవాత రాయాలి: "12 గ్రాములు, కొలత స్పూనుతో అయితే పోగు పోసి రెండు పెద్ద స్పూన్లు". ప్యాకెట్ మీద గ్రాములు లేకుండా స్పూన్లే ఉంటే, ఆ పొడినే కొలత స్పూనుతో తీసి వంటింటి కాటా మీద తూచి రాసుకోండి. ఇంకో పొడి బరువు దీనికి పనికిరాదు. బరకగా పట్టించిన పొడి, మెత్తటి పొడి ఒకే స్పూనులో ఒకే బరువు తూగవు.

కప్పు అనే మాట వీలైనంతవరకు మానేయండి. అమెరికా కప్పు 240 మిల్లీలీటర్లు. మన ఇంట్లో టీ కప్పులో అందులో సగం పడితే గొప్ప, బండి దగ్గర ఇచ్చే గ్లాసు ఇంకా చిన్నది. "ఇద్దరికి" అని రాసి, పక్కన మిల్లీలీటర్లు ఇవ్వండి. గిద్దె, సోల వంటి పాత కొలతలు చెవికి ఇంపుగా ఉంటాయి గానీ అవి ఊరికో రకం, ఇక్కడ వాడకండి. కొలత గ్లాసు లేనివాళ్లకు ఒక్క వాక్యం చాలు: కాటా మీద గిన్నె పెట్టి సున్నా చేసి చన్నీళ్లు పోస్తే, ఎన్ని గ్రాములు తూగితే అన్ని మిల్లీలీటర్లు.

ఇక వేడి. 200లోంచి 32 తీసేసి, అయిదుతో గుణించి, తొమ్మిదితో భాగిస్తే 93.3. దశాంశం వదిలేసి 93 అని రాయండి. ఫారన్‌హీట్ అన్న మాట జారిపోయి ఒట్టి 200 డిగ్రీలు మిగిలితే చదివినవాళ్లు నీళ్లను అదేపనిగా మరగబెడతారు. థర్మామీటర్ లేని ఇంటికి 93 అని ఒక్కటే చెప్పినా ఉపయోగం లేదు. విజయవాడ, గుంటూరు సముద్ర మట్టానికి పెద్ద ఎత్తులో లేవు కాబట్టి ఇక్కడ నీళ్లు దాదాపు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. పొయ్యి కట్టేసి మూత తీసి అర నిమిషం నుంచి నిమిషం ఆగితే కావలసిన వేడికి దగ్గరగా దిగుతాయి. పల్చటి స్టీలు గిన్నె త్వరగా చల్లారుతుంది, దానికి అర నిమిషం చాలు. దళసరి గిన్నెకు నిమిషం పడుతుంది. (ఇదే కాగితం అరకులో వాడితే అక్కడ నీళ్లు 97 డిగ్రీల చుట్టుపక్కలే మరుగుతాయి, దించి కొద్ది సెకన్లు ఆగితే చాలు.)

పొడి ఎంత బరక, ఏ పని ఎప్పుడు

"లైక్ సీ సాల్ట్" అన్నదాన్ని "సముద్రపు ఉప్పులా" అని రాస్తే గుంటూరులో ఎవరికైనా రాళ్ల ఉప్పు కళ్లముందు కదులుతుంది. ఊరగాయకు వాడే ఆ గళ్లంత ముక్కలుగా కాఫీ గింజలు ఆడిస్తే నాలుగు నిమిషాల్లో వాటిలోంచి సారం దిగదు. ప్యాకెట్ రాసినవాళ్ల మనసులో ఉన్నది సుమారు ఒక మిల్లీమీటరు ఉండే పలుకు. మనకు తెలిసిన వాటిలో దానికి దగ్గరిది ఉప్మా రవ్వ. "ఉప్మా రవ్వంత, లేదా ఇంకాస్త బరకగా పట్టించిన పొడి" అంటే మరలో పట్టించేవాళ్లకీ తెలుస్తుంది. బరక, పట్టించడం అనే మాటలు కొట్లో రోజూ వినపడేవే, వాటికి బదులు గ్రైండ్ సైజు అని రాయనక్కర్లేదు.

బ్లూమ్ దగ్గర తడబాటు ఎక్కువ. వికసించడం, పూయడం అన్నవి ఇక్కడ అతకవు. కొత్తగా వేయించిన గింజల్లో కార్బన్ డయాక్సైడ్ చిక్కుకుని ఉంటుంది. వేడినీళ్లు తగలగానే అది బయటికి తన్నుకొచ్చి పొడి నురగతో పొంగుతుంది. ఆ వాయువు పోకముందే నీళ్లన్నీ పోసేస్తే పొడి అంతా సమంగా తడవదు. కాబట్టి చేయాల్సిన పనిని అలాగే చెప్పాలి: "పొడి మొత్తం తడిసేటన్ని నీళ్లు పోసి 30 సెకన్లు ఆగండి". "పొంగేదాకా ఆగండి" అని మాత్రం రాయకండి. ప్యాకెట్ తెరిచి చాలా రోజులైన పొడి పెద్దగా పొంగదు, పాపం వాళ్లు పొంగు కోసం చూస్తూ కూర్చుంటారు.

స్టీప్ అంటే ఊరనివ్వడం. దీనికి కాచడం, మరిగించడం అనే మాటలు వాడితే చదివినవాళ్లు పొడి వేసిన నీళ్లను మళ్లీ పొయ్యి మీద పెడతారు. మన అలవాటు అలాంటిది మరి. అందుకే "మూత పెట్టి 4 నిమిషాలు ఊరనివ్వండి, మళ్లీ పొయ్యి మీద పెట్టవద్దు" అని రెండో సగం కూడా చేర్చండి. ప్యాకెట్ మీద ఆ మాట లేకపోయినా దాని ఉద్దేశం అదే. నాలుగు నిమిషాల్లో ముందటి 30 సెకన్లు కలిసి ఉన్నాయా లేదా అన్నది ఈ ప్యాకెట్ చెప్పదు. తయారీదారుకు ఫోన్ చేసి అడగగలిగితే మంచిది, లేకపోతే ప్యాకెట్ చెప్పిన వరుసలోనే రాయండి. బరక పొడికి ఆ అర నిమిషం వల్ల పెద్ద తేడా రాదు.

"సర్వ్ ఇమ్మీడియట్లీ" అంటే "వెంటనే వడ్డించండి" అని రాసేస్తారు. అతిథికి వేడిగా ఇమ్మన్నట్టు వినపడుతుంది. అసలు విషయం వేరు. జల్లెడను కిందికి నొక్కినా అడుగున పొడి ఇంకా నీళ్లలోనే ఉంటుంది, సారం దిగుతూనే ఉంటుంది, రెండో కప్పు వంపుకునేసరికి చేదెక్కుతుంది. "కాఫీ మొత్తం వెంటనే కప్పుల్లోకి వంపేయండి, ప్రెస్‌లో మిగల్చవద్దు" అంటే పని జరుగుతుంది.

మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది ఇత్తడి ఫిల్టరో స్టీలు ఫిల్టరో కాబట్టి ఫ్రెంచ్ ప్రెస్ సూచనలను ఫిల్టర్‌కు మార్చి రాసేద్దామనిపిస్తుంది. అలా చేయవద్దు. అంత బరక పొడిని ఫిల్టర్‌లో వేస్తే నీళ్లు గబగబా దిగిపోయి డికాక్షన్ పల్చగా వస్తుంది. ఫిల్టర్‌కు ఇంకా మెత్తటి పొడి కావాలి, అది 15, 20 నిమిషాలు మెల్లగా దిగాలి. కొట్టువాళ్లు కోరితే ప్యాకెట్ అనువాదం కింద గీత గీసి, "ఫిల్టర్‌కు మా కొట్టు సూచన" అని వేరుగా రాయండి. ఎవరి మాట ఎవరిదో తెలియాలి.

రుచి మాటలు

ఇంగ్లిష్ రుచి మాటలకు తెలుగులో మాటలు లేవని చాలామంది అంటారు. అది నిజం కాదు. ఉగాది పచ్చడి తినేవాళ్లకు తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు విడివిడిగా తెలుసు. కాఫీ, టీల విషయంలో చేదుకీ వగరుకీ తేడా తెలియడం పెద్ద సంపద. చేదు నాలుకకు తెలిసే రుచి. వగరు నోరంతా ఆరిపోయినట్టు, నాలుకను పట్టి లాగినట్టు అనిపించడం. ఇంగ్లిష్ ప్యాకెట్ దీన్ని చెప్పడానికి ఆస్ట్రింజెంట్ అనే అరుదైన పెద్ద మాట వాడుతుంది, మనం ఇంట్లో మాట్లాడే మాటతోనే చెప్పగలం.

ముందుగా ప్రమాదకరమైన మాట ఒకటి. "బ్రైట్ అసిడిటీ"ని "మంచి ఎసిడిటీ" అని రాస్తే చదివినవాళ్లు గుండెల్లో మంట అనుకుని ప్యాకెట్ పక్కన పెట్టేస్తారు. తెలుగువాళ్ల వాడుకలో ఎసిడిటీ అంటే జబ్బే. ఆమ్లత్వం అంటే ప్రయోగశాల వాసన వస్తుంది. ప్యాకెట్ చెప్తున్నది పండు కొరికినప్పుడు నోరూరించే పులుపు గురించి. "చురుకైన పులుపు" సరిపోతుంది. ఒట్టి పులుపు అంటే కాఫీ పులిసిందనుకుంటారు, ఆ "చురుకైన" అన్న విశేషణం తప్పనిసరి.

"బాడీ"కి శరీరం, దేహం అని రాసిన కాగితాలు నిజంగానే కనపడుతుంటాయి. మనకు చిక్కదనం అనే మాట ఉంది, చిక్కటి కాఫీ, పల్చటి కాఫీ అంటూనే ఉంటాం. అయితే మన చిక్కటి కాఫీలో చిక్కదనం సగం పాలది. ప్యాకెట్ చెప్పేది పాలు లేని కాఫీ నోట్లో ఎంత బరువుగా అనిపిస్తుందన్నది. "మీడియం బాడీ"ని "మరీ చిక్కన కాదు, పల్చన కాదు" అనవచ్చు. "క్లీన్ ఫినిష్" అంటే గుటక వేశాక నోట్లో చేదూ వగరూ పట్టుకుని ఉండకపోవడం. "తాగాక నోరు తేలిగ్గా ఉంటుంది" అంటే అర్థమైపోతుంది. శుభ్రమైన ముగింపు అంటే ఎవరికీ ఏమీ తెలియదు.

ఇప్పుడు పండ్లు. "ఆరెంజ్ జెస్ట్" నారింజ రసం కాదు, తొక్క పైపొరలోని నూనె వాసన. మన బజార్లో తొక్క సులువుగా ఊడే పండును కమలా అంటాం. దాని తొక్క గిల్లితే వేళ్లకు అంటుకునే వాసన అందరికీ ఎరుకే. "కమలా తొక్క వాసన" అని రాయండి. ఇంకో ప్యాకెట్ మీద గ్రేప్‌ఫ్రూట్ అని ఉంటే పంపరపనస దగ్గరగా ఉంటుంది, పులుపు వెనక కొద్దిగా చేదు రెండింటికీ ఉంది. కానీ బ్లూబెర్రీకి నేరేడు పెట్టకండి. రంగు కలుస్తుంది గానీ నేరేడులో వగరు ఎక్కువ, చదివినవాళ్లు వగరు కాఫీ అనుకుంటారు. సరైన జోడీ దొరకనప్పుడు బ్లూబెర్రీ అనే ఉంచి, "తీపి, పులుపు కలిసిన" అని ముందు చేర్చడం మేలు.

డార్క్ చాక్లెట్ అలాగే ఉండనివ్వండి, అందరికీ తెలుసు. జాగరీ అంటే బెల్లం, ఇంగ్లిష్ ఆ మాటను మన దేశం నుంచే అరువు తెచ్చుకుంది. ఇక్కడ ఉత్సాహం ఎక్కువై "అనకాపల్లి బెల్లం" అని రాయాలనిపిస్తుంది. ప్యాకెట్ ఆ ఊరి పేరు చెప్పలేదు, మీరూ చెప్పకండి. "ముదురు బెల్లపు తీపి" అంటే ఛాయ కూడా తెలుస్తుంది, లేని హామీ ఏదీ ఇచ్చినట్టు కాదు.

గుంటూరులో తప్పకుండా చూసుకోవాల్సిన మాట "స్పైసీ". ఈ ప్యాకెట్ మీద లేకపోయినా చాలా వాటి మీద ఉంటుంది. ఆ ఊళ్లో కారం అంటే మిరపకాయే, ఇంకో అర్థం లేదు. కాఫీలో స్పైసీ అంటే దాల్చినచెక్క, లవంగం వంటి వాసన. "మసాలా దినుసుల వాసన" అని రాయండి. వీలైతే ఏ దినుసో ప్యాకెట్‌లో వెతికి పేరు చెప్పండి. "స్మోకీ" కూడా ఇలాంటిదే. మన ఇళ్లలో పాలకు పొగ వాసన వచ్చిందంటే పారబోస్తారు. "బాగా వేయించిన గింజల ఘాటు" అంటే మెచ్చుకోలు మెచ్చుకోలుగానే నిలుస్తుంది. "ఎర్తీ" మట్టి వాసన అవుతుంది, కడగని కూరగాయ గుర్తొస్తుంది. తొలకరి మట్టి వాసన అంటే ఇష్టపడని తెలుగువాళ్లు ఉండరు, తొలకరి అన్న ఒక్క మాటతో దారి మారుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, రుచి మాట పదార్థం పేరులా వినపడకూడదు. "కమలా, చాక్లెట్, బెల్లం" అని వరుసగా రాస్తే అవి కలిపారనుకుంటారు. మధుమేహం ఉన్నవాళ్లు బెల్లం చూసి మానేస్తారు. ఇంకో ప్యాకెట్ మీద హేజల్‌నట్ అని ఉంటే గింజలు పడనివాళ్లు భయపడతారు. తలపించే, వంటి, వాసన అనే మాటలు ఇందుకే. పదార్థాల జాబితాలో కాఫీ తప్ప ఇంకేమీ లేదని ఫొటోలో చూసి నిర్ధారించుకున్నాకే "ఇవేవీ కలపలేదు, గింజ నుంచి వచ్చే రుచులే" అని ఒక వాక్యం చేర్చండి. చికోరీ ఉంటే దాని శాతం ప్యాకెట్ మీద ఉన్నట్టే రాయాలి. ఫ్లేవర్ కలిపారని ఉంటే అదీ దాచకండి.

ఇంకొక్కటి. ఈ రుచి వర్ణనలన్నీ పాలు, పంచదార వేయని కాఫీ గురించినవి. పాలు పోస్తే కమలా తొక్క వాసన ముందుగా మరుగున పడుతుంది, చాక్లెట్, బెల్లం ఛాయలు కొంత నిలుస్తాయి. మనలో ఎక్కువమంది పాలతోనే తాగుతారు కాబట్టి ఆ సంగతి రుచి వాక్యం మొదట్లోనే చెప్పకపోతే మోసపోయామనుకుంటారు.

అన్నీ కలిపి రాస్తే

100 శాతం అరాబికా కాఫీ. మీడియం రోస్ట్.

ఫ్రెంచ్ ప్రెస్‌లో ఇద్దరికి: ఉప్మా రవ్వంత బరకగా పట్టించిన పొడి 24 గ్రాములు (కొలత స్పూనుతో పోగు పోసి 4 పెద్ద స్పూన్లు), నీళ్లు 360 మి.లీ.

1. నీళ్లు మరిగాక పొయ్యి కట్టేసి, మూత తీసి అర నిమిషం నుంచి నిమిషం ఆగండి (సుమారు 93 డిగ్రీలు).
2. ప్రెస్‌లో పొడి వేసి, అది మొత్తం తడిసేటన్ని నీళ్లు పోసి 30 సెకన్లు ఆగండి.
3. మిగతా నీళ్లు పోసి, మూత పెట్టి 4 నిమిషాలు ఊరనివ్వండి. మళ్లీ పొయ్యి మీద పెట్టవద్దు.
4. జల్లెడను మెల్లగా కిందికి నొక్కి, కాఫీ మొత్తం వెంటనే కప్పుల్లోకి వంపేయండి.

రుచి ఎలా ఉంటుంది: పాలు, పంచదార లేకుండా తాగితే కమలా తొక్కను తలపించే వాసన, చురుకైన పులుపు, డార్క్ చాక్లెట్ వంటి చేదు, ముదురు బెల్లపు తీపి తెలుస్తాయి. మరీ చిక్కన కాదు, పల్చన కాదు. తాగాక నోరు తేలిగ్గా ఉంటుంది. కమలా, చాక్లెట్, బెల్లం ఇందులో కలపలేదు, ఇవి గింజ నుంచి వచ్చే రుచులు.

"మొదట", "తరవాత", "చివర" అనే మాటలు ఇందులో లేవు, గమనించండి. ప్యాకెట్ రుచుల వరుస చెప్పలేదు, కమ్మగా ఉంటుందని మనం కల్పించకూడదు.

టీ ప్యాకెట్ అయితే

కొలతల పని అదే, కొన్ని మాటలు మాత్రం వేరు. "లిక్కర్" అంటే టీ డికాక్షన్, మద్యం కాదు. "కాపరీ లిక్కర్"ను "రాగి రంగు డికాక్షన్" అనండి. "ఆరెంజ్ పెకో" ఆకు రకానికి పెట్టిన పేరు, అందులో నారింజ లేదు, అనువదించకుండా వదిలేయండి. "బ్రిస్క్" అంటే నాలుకను కొద్దిగా పట్టి లేపే హాయైన వగరు. "మాల్టీ" అస్సాం టీల మీద తరచూ కనపడుతుంది. మొలకెత్తిన ధాన్యాన్ని వేయిస్తే వచ్చే వాసన అది, ఇంట్లో చేసిన రాగి మాల్ట్ తాగేవాళ్లకు "మాల్ట్ వాసన" చాలు. డార్జిలింగ్ టీ మీద "మస్కటెల్" అని ఉంటే బాగా పండిన ద్రాక్షను తలపించే వాసన.

ఇక్కడ కూడా పెద్ద చిక్కు స్టీప్ దగ్గరే. మనం ఇంట్లో టీ పొడిని పాలల్లో వేసి మరిగిస్తాం. గుండ్రటి పలుకులుగా ఉండే సీటీసీ పొడి దానికి తట్టుకుంటుంది. డార్జిలింగ్ ఆకు టీని అలా మరిగిస్తే వాసనంతా ఆవిరైపోయి వగరు మిగులుతుంది. "మరిగిన నీళ్లు ఆకు మీద పోసి, మూత పెట్టి 3 నిమిషాలు ఊరనిచ్చి వడకట్టండి, ఆకును మరిగించవద్దు" అని తేల్చి రాయాలి. ఆకు టీ ఒక స్పూను, సీటీసీ ఒక స్పూను ఒకే బరువు తూగవు. పెద్ద ఆకు తేలిక కాబట్టి ఇక్కడ కూడా గ్రాములదే మొదటి మాట.

అచ్చుకు ఇచ్చే ముందు

ప్యాకెట్, కాగితం, ఫ్రెంచ్ ప్రెస్ ఎప్పుడూ వాడనివాళ్ల చేతిలో పెట్టి, ఏమీ చెప్పకుండా పక్కన నిలబడి చూడండి. ఎక్కడ ఆగి మీ వైపు చూస్తారో అక్కడ వాక్యం సరిగా లేదన్నమాట. తరవాత కాఫీ రుచి చూడండి. నీళ్లలా, ఒట్టి పులుపుగా ఉంటే పొడి చాలలేదు, లేదా సారం తక్కువ దిగింది. పొడి తక్కువ పడిందా, మరీ బరకగా ఉందా, నీళ్లు చల్లారిపోయాయా అని ఆ వరుసలో చూడండి. చేదు, వగరు ఎక్కువైతే పొడి మెత్తగా ఉంది, లేదా ఎక్కువసేపు ఊరింది, లేదా ప్రెస్‌లో మిగిల్చారు. జల్లెడ నొక్కడానికి బలం పట్టినా, కప్పు అడుగున బురదలా మడ్డి పేరుకున్నా పొడి మెత్తగా ఉన్నట్టే, అప్పుడు "ఉప్మా రవ్వంత" అన్న మాట కొట్టువాళ్లకు ఎలా అర్థమైందో అడగండి.

తెలుగు కాగితాన్ని ప్యాకెట్‌కు అంటిస్తే అసలు లేబుల్ మీద పడకూడదు. ఆహార భద్రత నిబంధనల ప్రకారం తప్పనిసరి వివరాలు ఇంగ్లిష్‌లో గానీ దేవనాగరి లిపిలోని హిందీలో గానీ ఉండాలి, తెలుగు వాటికి అదనం మాత్రమే, వాటితో విభేదించకూడదు. తయారీ తేదీ, బ్యాచ్ నంబరు, పదార్థాల జాబితా, నికర బరువు కనపడేలా ఖాళీ చోటు చూసి అంటించండి. అలాంటి చోటు లేకపోతే విడిగా మడతపెట్టి ప్యాకెట్‌తో పాటు ఇవ్వండి. కాగితం కింద ఏ ప్యాకెట్, ఏ బ్యాచ్ ఫొటో చూసి రాశారో చిన్నగా వేయండి. వేయింపు మారినా తోట మారినా రుచి వాక్యం మారుతుంది, కొత్త సరుకు రాగానే పాత కాగితం తీసేయడం అప్పుడు తేలిక.